సగం గాలి

సముద్రాన్ని ఒక్కసారైనా కళ్ళతో చూడని మనిషి, సముద్రం మీద గాలి ఎంత ఉందో మత్స్యకారులకు చెప్పడం ఏమిటని ఎవరైనా నవ్వవచ్చు. అరుణజ్యోతి తల్లి కిష్టమ్మ మాత్రం మొహమాటం లేకుండా ఎదురుగానే నవ్వేది. నల్గొండ పక్క పల్లెలో పుట్టి, సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో కూతురితో ఉంటున్న మనిషి ఆమె. ఆమెకు తెలిసిన నీళ్ళు చెరువు నీళ్ళు, బోరు నీళ్ళు.

"గాలిని నాట్లతోని కొలుస్తరా? నాట్లంటే మోకాళ్ళ దాంక బురదల దిగి ఏశేటియి బిడ్డా. గాలికి నాట్లేంది?" అనేది.

"గవి వేరే నాట్లు అమ్మా. ఓడలోళ్ళ లెక్క" అని అరుణజ్యోతి బాక్సు సర్దుకుని బయల్దేరేది.

ఆమె ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక వీధిలో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. మూడు గదులు, నాలుగు కంప్యూటర్లు, పరుపులు అడ్డుపెట్టి చేసిన ఒక రికార్డింగ్ గది. కోస్తాలోని మత్స్యకారుల ఫోన్లకు వాతావరణ సమాచారాన్ని తెలుగులో గొంతు రూపంలో పంపడం వాళ్ళ పని. ఫోన్ మోగుతుంది, ఎత్తితే అరుణజ్యోతి గొంతు వినిపిస్తుంది, మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కాలి. చదువు రానివాడికి కాగితం ఎందుకు, చెవి ఉంటే చాలు.

మన వాతావరణ శాఖ నుంచి వాళ్ళకు అక్కరకొచ్చే బులెటిన్లు రెండు రకాలు. ఒడ్డున ఉండేవాళ్ళ కోసం వచ్చేదాంట్లో గాలి వేగం గంటకు ఇన్ని కిలోమీటర్లని ఉంటుంది. ఓడలవాళ్ళ కోసం వచ్చేదాంట్లో నాట్లలో ఉంటుంది. సముద్రం మీది సంగతులు రెండోదాంట్లోనే విపులంగా ఉంటాయి కాబట్టి అరుణజ్యోతి రోజూ దాన్నే పట్టుకునేది. కంప్యూటర్లో ఒక పట్టిక ఉంది. పసుపు గడిలో నాట్లు వేస్తే పచ్చ గడిలో కిలోమీటర్లు వస్తాయి. పచ్చ గడిలో ఉన్నది చూసి గదిలోకి వెళ్ళి చదివేది.

ఆ పట్టిక తయారు చేసినాయన శ్రీరామమూర్తి. వాతావరణ శాఖలో ముప్పై నాలుగేళ్ళు గాలులు కొలిచి, రిటైరై, ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని, ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయని ఇక్కడికి వస్తుండేవాడు. బాపట్ల వైపు మనిషి. ప్రతి సందేశమూ ఆయన కంటి కింద నుంచి పోవలసిందే.

"నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలమ్మా" అని మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాడు. "మన రోడ్డు మైలు కాదు. సముద్రపు మైలంటే పద్దెనిమిది వందల యాభై రెండు మీటర్లు. అందుకని నాట్లని ఒకటి పాయింట్ ఎనిమిది అయిదు రెండుతో హెచ్చవెయ్యాలి. కంప్యూటర్ లేకపోతే రెట్టింపు చేసి అందులో పదోవంతు తీసెయ్యి, దగ్గరికి వస్తుంది. ముప్పై నాట్లకి అరవై, అందులో ఆరు పోతే యాభై నాలుగు. అసలు లెక్క యాభై అయిదున్నర. తేడా ఎంతని?"

"అర్థమైంది సార్."

"అవలేదు. ఇది ఎవడైనా చేస్తాడు. అసలుది విను. ముందు పేరు చూడు, తర్వాత అంకె చూడు. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను, తీవ్ర తుఫాను, ఒక్కోదానికి ఒక్కో గాలి. తీవ్ర వాయుగుండమైతే అరవై చుట్టుపక్కల ఉండాలి. తీవ్ర తుఫానంటే ఎనభై ఎనిమిది దాటాలి. పేరూ అంకే పొసగకపోతే ఎక్కడో మనం తప్పు చేశామన్నమాట. అప్పుడు నోరు తెరవకూడదు."

ఆయన ఈ మాట రోజూ అనేవాడు. రోజూ అనే మాట ఎవరు వింటారు? దేవుడి పటానికి దండం పెట్టినట్టు అరుణజ్యోతి "సరే సార్" అనేది, ఆయన ఎలాగూ చూస్తాడు కదా అని పేరు చూడ్డం మానేసింది.

సందేశం చివర ఆఫీసు నంబరు కూడా చెబుతారు, సందేహాలుంటే అడగమని. వెయ్యి మంది వింటే ఒకరు చేస్తారు. ఆ ఒక్కరూ తిరుపతమ్మ. ఊటపాలెం అనే మత్స్యకారుల ఊళ్ళో ఆమె భర్త పోలయ్యకు ఒక చిన్న మోటారు పడవ ఉంది. సందేశం వెళ్ళిన పావుగంటకు తిరుపతమ్మ ఫోన్ వచ్చేది. అడగడానికి ఏమీ ఉండేది కాదు. చెప్పిందే ఇంకోసారి మనిషి నోటి నుంచి వినాలని ఆవిడ కోరిక.

"ఏమ్మా, నలభై అయిదన్నావు, అంతేనా?"

"గంతే అక్కా. పెద్దగ ఏం లేదు."

"నలభై అయిదంటే మా ఆయనకి లెక్కలేదులే. యాభైలో కూడా వేటాడొచ్చాడు. నువ్వు అన్నం తిన్నావా?"

రెండేళ్ళుగా ఇదే వరస. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఒకసారి సముద్రం ఎలా ఉంటుందని అరుణజ్యోతి అడిగితే తిరుపతమ్మ ఫోన్‌ను ఒడ్డు దాకా పట్టుకెళ్ళి అలల చప్పుడు వినిపించింది. అరుణజ్యోతి చెవికి అది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బస్సుల రొదలాగే ఉంది కానీ, ఆ మాట అనలేదు.

అక్టోబరు నెలలో ఒక మంగళవారం శ్రీరామమూర్తికి కంటిలో శుక్లం తీశారు. ఆయన రాలేదు. సరిగ్గా ఆ రోజే బంగాళాఖాతంలో ఉన్న వాయుగుండం తీవ్ర వాయుగుండమైంది. పదకొండయినా ఓడల బులెటిన్ తెరుచుకోలేదు. ఎంత నొక్కినా తెల్లకాగితమే. ఆఫీసు నడిపే రాఘవేంద్ర రెండు నిమిషాలకోసారి తలుపు దగ్గరకొచ్చి నిలబడేవాడు.

"ఏంది జ్యోతీ, ఇంక పోలేదా? అందరి మెసేజ్‌లు పోయినయి. మనమే ఎనుకపడ్డం."

"సైట్ ఓపెన్ అయితలేదు సార్."

"ఇంకోటుంటది గదా, ఒడ్డుది. గది చూశి కొట్టెయ్యి."

ఆమె కొట్టేసింది. ఒడ్డువాళ్ళ బులెటిన్ తెరిచింది. అందులో గంటకు యాభై అయిదు నుంచి అరవై అయిదు, ఒక్కోసారి డెబ్బై అయిదు దాకా అని ఉంది. రెండేళ్ళుగా చేతికి అలవాటైన దారి ఒకటే, బులెటిన్‌లో అంకె తియ్యడం, పసుపు గడిలో వెయ్యడం. చెయ్యి ఆ దారినే పోయింది. అవి అప్పటికే కిలోమీటర్లు. పట్టికకు ఆ సంగతి ఏం తెలుసు? దానికి నేర్పిన విద్య ఒక్కటే. అన్నిటినీ ఒకటి పాయింట్ ఎనిమిది అయిదు రెండుతో హెచ్చవేసి పచ్చ గడిలో నూట రెండు, నూట ఇరవై, నూట ముప్పై తొమ్మిది అని పెట్టింది.

అరుణజ్యోతి వాటిని దగ్గరి అయిదుకు సర్దుకుని గదిలోకి వెళ్ళింది. "తీవ్ర వాయుగుండం ప్రభావంతో గంటకు వంద నుంచి నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో, ఒక్కోసారి నూట నలభై దాకా గాలులు వీస్తాయి" అని స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా చదివింది. పేరు ఆమె నోటితోనే అన్నది. అంకె కూడా ఆమె నోటితోనే అన్నది. రెంటికీ పొసగలేదని ఆమె చెవికి తట్టలేదు.

పావుగంటకు తిరుపతమ్మ చేసింది. 

"నూట నలభయ్యా అమ్మా?"

"అవునక్కా. పడవలన్నీ పైకి గుంజుకోండ్రి. ముసలోళ్ళను తుఫాను షెల్టర్‌కు తోలుండ్రి."

"నువ్వు చెప్పావు, చాలు. టీవీవాళ్ళు చినుకు పడినా ప్రళయమంటారు, వాళ్ళనెవరు నమ్ముతారు. మీ ఫోనంటేనే మా ఊళ్ళో గురి."

ఊరంతా కదిలింది. పడవలను ఒడ్డు మీద ఇళ్ళ దాకా లాగారు. పొయ్యి మీది కూడు పొయ్యి మీదే వదిలి, మంచాన పడ్డ ముసలివాళ్ళను ఎత్తుకుని రెండు మైళ్ళు నడిచారు. తెల్లవార్లూ షెల్టర్ గోడలకు ఆనుకుని ఎదురుచూశారు. గాలి వచ్చింది. యాభై అయిదు, అరవై. నాలుగు తాటాకు కప్పులు లేచాయి, రెండు కొమ్మలు విరిగాయి. అంతే.

"సగమైనా రాలేదమ్మా" అంది తిరుపతమ్మ మర్నాడు ఫోన్‌లో. కోపంగా ఏం కాదు, నవ్వుతూనే. "షెల్టర్‌కి పోయొచ్చిన మా అత్తని మగపిల్లలు ఆటపట్టిస్తన్నారు. మా ఆయన నన్ను ఏడిపిస్తన్నాడు, మీ హైదరాబాదు అమ్మాయి ఊదితే కూడా ఇంతకంటే గాలి వచ్చుద్దని."

"మంచిగనే అయింది గదక్కా, ఏం కాలే" అంది అరుణజ్యోతి. అప్పటికి ఆమెకు నిజంగానే ఏమీ తెలియదు.

ఆ సాయంత్రం శ్రీరామమూర్తిని పలకరించడానికి మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగింది. మెట్లు దిగి, పళ్ళ బండి దగ్గర నాలుగు బత్తాయిలు కొని, వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన కంటికి కట్టుతో, పైన నల్ల కళ్ళద్దాలతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య శేషారత్నం కాఫీ ఇచ్చి, "చదవొద్దంటే వినడమ్మా, కనీసం నువ్వయినా చెప్పు" అంది.

"నేను చదవను. తను చదువుతుంది, నేను వింటాను" అన్నాడాయన. "నిన్న పంపింది చదువమ్మా."

అరుణజ్యోతి ఫోన్ తీసి చదివింది. "తీవ్ర వాయుగుండం" అన్న దగ్గర ఆయన తల ఊపాడు. "నూట ఇరవై" అన్న దగ్గర ఊపడం ఆపేశాడు.

"తీవ్ర వాయుగుండానికి నూట ఇరవయ్యేమిటమ్మా?"

ఒక్క మాట. దానితో ఆమెకు అంతా తెలిసిపోయింది. పసుపు గడి కళ్ళముందుకొచ్చింది.  కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"కిలోమీటర్లను మళ్ళ కిలోమీటర్లు చేసిన సార్."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమెకు తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. "రేపు పొద్దున్నే దిద్దుబాటు పంపండి" అన్నాడు. "ఫలానా రోజు మేము చెప్పిన అంకె తప్పు, అసలు గాలి ఇంత అని. మనం తప్పు చెప్పామని మనమే చెప్పుకోకపోతే, వాళ్ళ లెక్క వాళ్ళు కట్టుకుంటారమ్మా. ఆ లెక్క మన చేతిలో ఉండదు."

పొద్దున రాఘవేంద్ర దిద్దుబాటు మాట వినగానే లేచి తలుపు వేశాడు. చెడ్డవాడేం కాదు. జీతాలు ఆలస్యమైతే తన ఇంట్లో వండుకున్నది తెచ్చి అందరికీ పెట్టే మనిషి. కానీ భయం చెడ్డది.

"జర ఆలోచించు జ్యోతీ. తక్కువ చెప్పినమా? ఎక్కువ చెప్పినం. ఎవరికన్న ఏమన్న అయిందా? వచ్చే నెల మన పని చూడనీకి పైసలిచ్చేటోళ్ళు వస్తున్నరు, మళ్ళ ఏడాదికి ఇయ్యాల్నా వద్దా అని. గిప్పుడు తప్పు చేసినమని మనమే దండోరా ఏసుకోవాల్నా? ఇంకోసారి కాకుండ చూసుకో, గంతే."

ఆమె వాదించలేదు. వాదించి ఉంటే ఏమయ్యేదో! తప్పు తనది, ఆఫీసు పోతే పది మంది కూడు పోతుంది, పైగా ఎవరికీ ఏమీ కాలేదన్న మాట నిజమే. చెడ్డ పనికి మంచి కారణాలు ఎప్పుడూ గంపెడు దొరుకుతాయి. శ్రీరామమూర్తికి మాత్రం "పంపుతమన్నరు సార్" అని ఫోన్‌లో చెప్పింది. ఆయన కంటికి కట్టు ఉన్నందువల్ల ఆ వారం చూసుకోలేకపోయాడు.

ఆ మధ్యాహ్నమే తిరుపతమ్మ మళ్ళీ చేసింది.

"ఏమ్మా, మా ఆయన అడగమన్నాడు. అంత గాలి అన్నారు కదా, ఏమైందంట?"

అప్పుడు చెప్పవలసింది. నోటి దాకా వచ్చింది కూడా. "అక్కా, నేను లెక్క తప్పిన" అనడానికి ఎంతసేపు పడుతుంది? తలుపు అవతల రాఘవేంద్ర నీడ కనిపించింది.

"అది దిశ మార్చుకుందక్కా" అంది.

"ఓహో. దిశ మార్చుకుందా" అంది తిరుపతమ్మ. ఇంకేం అడగలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

మూడు వారాలు గడిచాయి. శ్రీరామమూర్తి కట్టు విప్పించుకుని మళ్ళీ వస్తున్నాడు. దిద్దుబాటు వెళ్ళలేదని తెలిశాక మూడు రోజులు ఆమెతో పని మాట తప్ప మాట్లాడలేదు. అరుణజ్యోతి పట్టికలో పసుపు గడి పైన పెద్ద అక్షరాలతో నాట్లు మాత్రమే అని రాసింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి.

నవంబరు మూడో వారంలో అసలుది వచ్చింది. బుధవారం పొద్దున ఓడల బులెటిన్‌లో తీవ్ర తుఫాను అని ఉంది. గాలి యాభై నాట్లు, ఒక్కోసారి అరవై. సాయంత్రానికి ఊటపాలెం దగ్గరలోనే తీరం దాటుతుందని ఉంది. అరుణజ్యోతి ముందు పేరు చూసింది. తర్వాత అంకె చూసింది. యాభైని రెట్టింపు చేస్తే వంద, పదోవంతు తీస్తే తొంభై. పట్టికలో తొంభై మూడు. అరవైకి నూట పదకొండు. ఒడ్డువాళ్ళ బులెటిన్ తెరిచి పక్కన పెట్టింది. అక్కడా తొంభై నుంచి వంద, నూట పది దాకా అనే ఉంది. శ్రీరామమూర్తి కాగితం మీద మళ్ళీ కట్టి, కింద సంతకం పెట్టాడు. తొమ్మిదిన్నరకు సందేశం వెళ్ళింది. అంతటి సరైన సందేశం ఆ ఆఫీసు నుంచి ఎప్పుడూ వెళ్ళి ఉండదు.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. తిరుపతమ్మ చెయ్యలేదు.

పదకొండున్నరకు అరుణజ్యోతే చేసింది. కింద కోచింగ్ సెంటర్‌లో మాస్టారు మైకులో గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లు చెయ్యడం చెబుతున్నాడు. పిల్లలంతా ఒక్క గొంతుతో అయిదు బై పద్దెనిమిది అంటున్నారు. ఆమె ఒక చెవి మూసుకుంది. పోలయ్య నంబరే అది, ఎత్తింది తిరుపతమ్మ.

"అక్కా, మెసేజ్ విన్నవా?"

"విన్నామమ్మా. నూట పదన్నావు."

"షెల్టర్‌కు పోయిండ్రా?"

"పోతాంలే. సాయంత్రం కదా." గొంతులో తొందరేమీ లేదు. వెనకాల గిన్నెల చప్పుడు. "పోయినసారి పరిగెత్తి ఊళ్ళో నవ్వులపాలయ్యాం. ఈసారి కూడా సగమే కదా అని అంటన్నారంతా."

"సగమేందక్కా?"

"మీరు నూట ఇరవై అంటే అరవై వచ్చింది. అందుకని మీరు చెప్పిందాంట్లో సగం తీసెయ్యాలంటన్నాడు మా ఆయన. నూట పదికి సగం యాభై అయిదు. యాభైలో తిరిగిన మనిషికి అదెంత, అన్నాడు."

అరుణజ్యోతి లేచి నిలబడింది. గదిలో అందరూ తలెత్తి చూశారు. రాఘవేంద్ర కూడా చూశాడు. ఈసారి ఆమె అతని వైపు చూడలేదు.

"అక్కా, సగం కాదు. జర నా మాట విను. పోయినసారి అది దిశ మార్చుకోలే. నేను తప్పు చేసిన. అరవై అయిదు అని రాసుంటే నేను దాన్ని మళ్ళ హెచ్చేసి నూట ఇరవై అని చదివిన. నీకు అబద్ధం చెప్పిన. ఈసారి తప్పు లేదక్కా, మూడుసార్లు చూసినం. ఈసారి నూట పదంటే నూట పదే. అన్నను ఇంట్ల నుంచి కదలనియ్యకు."

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అక్కా?"

"ఆయన ఇంట్లో లేడమ్మా" అంది తిరుపతమ్మ. "పదింటికే పోయాడు. పడవ మొగ దగ్గర కట్టుంది, ఏరు సముద్రంలో కలిసే చోట. లోపలికి తెచ్చి కట్టేసి వస్తానన్నాడు. వద్దన్నాను. సగం గాలేగా అన్నాడు."

"ఫోన్ చెయ్యక్కా, జల్ది!"

"ఇదేనమ్మా ఆయన ఫోను. తడిసిద్దని ఇంట్లో పెట్టి పోయాడు."

ఫోన్ నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత పరిగెత్తే అడుగులు, ఎవర్నో పిలుస్తున్న కేకలు, ఆ తర్వాత గాలి. అలల చప్పుడు కాదది, బస్సుల రొద కాదు. అరుణజ్యోతి అలాంటిది ఎన్నడూ వినలేదు. ఫోన్ కట్ అయ్యే దాకా చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం నుంచి ఆ వైపు ఫోన్లు పని చెయ్యలేదు. సాయంత్రం తుఫాను తీరం దాటింది. గాలి తొంభై అయిదు, ఒక్కోసారి నూట పది. శ్రీరామమూర్తి ఆ అంకెలు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

శుక్రవారానికి ఫోన్ కలిసింది. ఎత్తింది పక్కింటి ఆడమనిషి.

"దొరికాడమ్మా. నిన్న పొద్దున మడ చెట్లల్లో చిక్కుకుని ఉన్నాడు. పడవ తాడు చేతికి అట్లాగే చుట్టుకునుంది" అంది. "ఊళ్ళో ఇంకెవరికీ ఏం కాలేదు. తిరుపతమ్మ గాలిలో అడ్డంపడి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, సగం కాదంట, నిజమంట అని. అందరం షెల్టర్‌కి పోయాం."

తిరుపతమ్మతో మాట్లాడతారా అని ఆవిడ అడిగింది. అరుణజ్యోతి వద్దంది. ఏమని మాట్లాడుతుంది? ఇంటికి పోయి తలుపు దగ్గరే కూలబడింది. కిష్టమ్మ ఏమైందని అడిగి, విని, కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది. ఈసారి నాట్ల గురించి ఏమీ అనలేదు.

"సచ్చినోడు తిరిగిరాడు బిడ్డా" అంది. "నువ్వు జెయ్యాల్సింది ఇంకోటుంది. అది జెయ్యి."

సోమవారం పొద్దున అరుణజ్యోతి ఎవర్నీ అడగకుండా పరుపుల గదిలోకి వెళ్ళింది. శ్రీరామమూర్తి కాగితం మీద ఆమె రాసుకున్నది చదివి, "నా పేరు కూడా పెట్టమ్మా. చూడవలసినవాణ్ణి నేను" అన్నాడు. ఆమె పెట్టలేదు. రాఘవేంద్ర తలుపు దగ్గరికి వచ్చాడు. ఆపుతాడేమో అనుకుంది. అతను ఒక నిమిషం నిలబడి, చప్పుడు రికార్డింగ్‌లో పడకుండా బయటి గదిలో ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

"అక్టోబరులో తీవ్ర వాయుగుండం వచ్చినప్పుడు గంటకు వంద నుంచి నూట ఇరవై కిలోమీటర్ల గాలి అని మేము మీకు చెప్పాం. అది తప్పు. బులెటిన్‌లో ఉన్నది యాభై అయిదు నుంచి అరవై అయిదు. కిలోమీటర్లలో ఉన్న అంకెను నాట్లు అనుకుని నేను మళ్ళీ హెచ్చవేశాను. గాలి తగ్గలేదు, దిశా మారలేదు. తప్పు నాది. ఆ తప్పును మీకు వెంటనే చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఇకమీదట మేము చెప్పే అంకెలో ఏమీ తీసెయ్యకండి. పొరపాటు జరిగితే ఆ రోజే చెబుతాం. నా పేరు అరుణజ్యోతి."

నలభై ఎనిమిది సెకన్లు. పదకొండు గంటలకు వెళ్ళింది.

ఎవరు ఎంతసేపు విన్నారో కంప్యూటర్‌లో కనిపిస్తుంది. ఆమె జాబితా తెరిచి కూర్చుంది. కొందరు అయిదు సెకన్లకు పెట్టేశారు. కొందరు పది. చాలామంది చివరి దాకా విన్నారు. కిందికి జరుపుతూ పోయి పోలయ్య అన్న పేరు దగ్గర ఆగింది. ఆ నంబరు జాబితాలో నుంచి తీసెయ్యాలని ఎవరికీ తట్టలేదు. నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది సెకన్లు. పక్కన, ఒకటి నొక్కారు అని ఉంది. మళ్ళీ నలభై ఎనిమిది. మళ్ళీ ఒకటి. మళ్ళీ నలభై ఎనిమిది.

సరిగ్గా పావుగంటకు ఆఫీసు ఫోన్ మోగింది. ఎవరో ఆమెకు తెలుసు. ఎత్తింది.

"అమ్మాయీ" అంది తిరుపతమ్మ. అరిచి అరిచి పోయిన గొంతు. "ఆ రోజు చివరికి గాలి ఎంతుందంట?"

తిట్లకు సిద్ధపడి ఉన్న అరుణజ్యోతికి ఆ ప్రశ్న మొదట అర్థం కాలేదు. తర్వాత కాగితం వెతుక్కుంది, కాగితం అక్కర్లేకపోయినా.

"తొంభై అయిదక్కా. ఒక్కోసారి నూట పది."

అవతల తిరుపతమ్మ ఆ అంకెను తనలో తాను రెండుసార్లు అనుకోవడం వినిపించింది.

"అంటే నువ్వు చెప్పినంతా వచ్చిందన్నమాట" అంది. "ఒక్క కిలోమీటరు కూడా తగ్గలేదన్నమాట."

"తగ్గలేదక్కా."

తిరుపతమ్మ ఫోన్ పెట్టేసింది.